ఓదెలుకు వచ్చిన శాంక్షన్

ఓదెలు గురించి రాయాలంటే ముందు నా కడుపుమంట గురించి రాయాలి. అది దాచిపెట్టి ఆయన గురించి ఎంత రాసినా సగం అబద్ధమే అవుతుంది.

ఇద్దరం ఒకే రోజున బాయిలో చేరాం. బాయి అంటే మా దగ్గర బొగ్గుగని. మా నాన్నల ఉద్యోగాలే మాకు వచ్చాయి. ఒకే గ్రేడు, ఒకే బేసిక్కు, ఒకే వరసలో పక్కపక్క క్వార్టర్లు. మధ్యలో ఉన్న గోడ ఎంత పల్చనంటే వాళ్లింట్లో పోపు పెడితే మా ఇంట్లో తుమ్ములు వచ్చేవి. ఇరవై రెండేళ్లు అట్లా గడిచాయి. ఇంత దగ్గరగా, ఇంత సరిసమానంగా ఉన్న మనిషి మీద అసూయ పుట్టకుండా ఉండాలంటే దేవుడై ఉండాలి. నేను పంపు ఆపరేటర్ రాజమొగిలిని.

ఆయన పని సపోర్టు. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా బోల్టులు బిగించే పని. సన్నగా, పొట్టిగా ఉంటాడు. టిఫిన్ గిన్నెలో రెండు జొన్నరొట్టెలు, పచ్చిపులుసు, ఎప్పుడైనా కోడిగుడ్డు. సారా ముట్టడు, పేకాట ఆడడు, చీటీ కూడా వేయడు. ఇవన్నీ మనిషిలో ఉండాల్సిన మంచి గుణాలేనని నాకు తెలుసు. పక్కింటి మనిషిలో ఉంటేనే భరించడం కష్టం. మా ఇంట్లో ఏ చిన్న గొడవైనా సారమ్మ గోడవైపు చెయ్యి చూపించి, "గాయన్ని జూసి నేర్సుకోరాదు" అనేది. సారమ్మ నా భార్య.

జీతం చీటీలు వచ్చిన రోజు మరీ నరకం. నా చీటీలో కోతల గడి కింది దాకా నిండిపోయేది. సొసైటీ లోను, బండి లోను, రెండు పర్సనల్ లోన్లు, అవి తీర్చడానికి తీసిన ఇంకొకటి. ఓదెలు చీటీలో పీఎఫ్, యూనియన్ చందా, ఇన్‌కం టాక్సు, అంతే. నా చేతికి ముప్పై ఒక్క వేలు వస్తే ఆయన చేతికి డెబ్బై వేలు. బాయి మొత్తంలో అప్పు లేని మనిషి ఆయనొక్కడే అని, తలదీపాలు తీసుకునే లాంపు రూములో అందరూ చెప్పుకునేవారు. నేను మాత్రం, "ఖర్చు జేసుడు రాదు గని గదో గొప్పా" అనేవాణ్ణి.

ఆయనకు ఉన్నది ఒకటే కోరిక. సొంత ఇల్లు. ఓదెలు పుట్టింది క్వార్టరులోనే. నాన్న రిటైరైనప్పుడు ఆ క్వార్టరు ఖాళీ చేయమన్నారు. సామాను ట్రాక్టరులో వేసుకుని, తనకు ఉద్యోగం వచ్చేదాకా ఊళ్లో చుట్టాల కొట్టంలో ఉన్న ఆర్నెల్లు ఆయన మరచిపోలేదు. బైపాస్ పక్కన నూట ముప్పై గజాల జాగా కొన్నాడు, రొక్కం పెట్టి. అక్కడ సున్నంతో గదుల గీతలు కూడా గీసుకున్నాడు. ఇంటి లోనుకు బ్యాంకులో అడిగితే లెక్క చెప్పారు. వయసు నలభై ఆరు, రిటైర్మెంటుకు పదిహేనేళ్లు ఉంది, వేరే కిస్తులు ఏమీ లేవు కాబట్టి పాతిక లక్షలు తేలిగ్గా ఇవ్వొచ్చన్నారు. మేస్త్రీ చెప్పిన అంచనా కూడా పాతిక లక్షలే. మునిసిపాలిటీ పర్మిషన్ చేతికి రావడమే ఆలస్యం, దసరా వెళ్లగానే దరఖాస్తు పెడతానన్నాడు. ఏడాది ఆగినా పదిహేనేళ్లు పద్నాలుగు అవుతాయి, కిస్తు పెరుగుతుంది. ఆ తొందర ఆయనకుంది.

ఇట్లా ఉండగా మెసేజీ వచ్చింది.

బాయి కిందికి ఫోన్లు పట్టుకుపోనివ్వరు. గ్యాసు ఉంటుంది, నిప్పురవ్వ పనికిరాదు. పొద్దున ఏడింటికి బండి డిక్కీలోనో లాకరులోనో పెట్టి దిగితే మధ్యాహ్నం మూడున్నరకే మళ్లీ ముట్టుకునేది. ఎనిమిది గంటలు చీకట్లో ఉండి పైకి వచ్చినవాడు ముందు వెలుతురు చూడడు, ఫోను చూస్తాడు. ఆ రోజు కూడా లాంపులు అప్పజెప్పి బయటికి వచ్చి అందరం ఫోన్లు తెరిచాం. లాభాల వాటా పైసలు పడిన వారం అది. ఖాతాలన్నీ నిండుగా ఉన్నాయి. టింగుటింగుమని అందరి ఫోన్లూ ఒకేసారి మోగాయి.

"శుభాకాంక్షలు! మీ కోసం ముందుగానే ఆమోదించిన పర్సనల్ లోన్ సిద్ధంగా ఉంది. కాగితాలు అక్కర్లేదు. నిమిషాల్లో మీ ఖాతాలో. యాప్ తెరవండి."

ఇలాంటివి నాకు వారానికి నాలుగు వస్తాయి. ఓదెలు మాత్రం ఆ మెసేజీని ఆగి ఆగి చదివాడు.

"మొగిలన్నా, ముందుగానే ఆమోదించిన అంటే ఏందే?"

"శాంక్షన్ అయిపోయిందని."

"నేను అడగంది ఎట్లయితదే శాంక్షన్?"

ఈ మాట బయటివాళ్లకు మామూలుగా అనిపించొచ్చు. బాయిలో పనిచేసేవాడికి శాంక్షన్ అంటే మామూలు మాట కాదు. లీవు శాంక్షన్ కావాలి. పీఎఫ్‌లోంచి మన పైసలు మనం తీసుకోవడానికి శాంక్షన్ కావాలి. క్వార్టరు కప్పు కారుతుంటే రేకు వేయించుకోవడానికీ శాంక్షనే. దాని కోసం క్లర్కు దగ్గర నిలబడాలి, యూనియన్ ఆఫీసు చుట్టూ తిరగాలి, సంతకం పెట్టే సారు ఎక్కడికో పోయి ఉంటే మళ్లీ సోమవారం రావాలి. ఓదెలు ఇరవై రెండేళ్లు అట్లా తిరిగినవాడే. అడగకుండానే, ఎవరి కాళ్లూ పట్టుకోకుండానే ఒక శాంక్షన్ తన పేరు మీద వచ్చి కూర్చోవడం ఆయన జీవితంలో అదే మొదటిసారి.

"ఎంతున్నదో జూడుర్రి," అన్నాడు డ్రిల్లరు పోశం. అందరం యాపులు తెరిచాం. పోశానికి రెండు లక్షల పది వేలు. ఇంకొకరికి మూడు. నాకు తొంభై ఐదు వేలు. ఓదెలు ఫోను పోశమే తీసుకుని నొక్కి, కళ్లు పెద్దవి చేసి గట్టిగా చదివాడు.

"ఏడు లక్షల ఎనభై వేలు!"

ఆ సంఖ్య విన్నప్పుడు నాకు కలిగింది ఏమిటో ఇప్పటికీ దాచుకోను. చెంప మీద కొట్టినట్టయింది. ఒకే రోజు చేరాం, ఒకే బేసిక్కు, ఒకే బ్యాంకు. ఆయనకు ఏడు లక్షల ఎనభై వేలు, నాకు తొంభై ఐదు వేలు. జీతం నిలకడగా పడుతూ, ఖాతాలో నిల్వ ఉండి, నెత్తిన అప్పు లేనివాడికి బ్యాంకు ఎక్కువ ఇస్తానంటుంది. ఎప్పటి నుంచో కిస్తులు కడుతూ, ఒకసారి క్రెడిట్ కార్డు బిల్లు రెండు నెలలు ఆలస్యం చేసినవాడికి తక్కువ ఇస్తానంటుంది. ఇది నాకు తెలుసు. తెలిసినా ఏం లాభం? అందరి ముందు ఎవరో మా ఇద్దరినీ త్రాసులో వేసి ఖరీదు కట్టినట్టే అనిపించింది.

"అప్పు జేసెటోనికి అప్పు దొరకది, జెయ్యనోనికి ఇంటికచ్చి ఇస్తరు. ఏం న్యాయమే ఇది," అన్నాను నవ్వుతూనే.

"నాకెందుకన్నా గవి," అని ఓదెలు ఫోను జేబులో పెట్టుకున్నాడు.

కానీ పేరు మాత్రం అంటుకుంది. మరునాటి నుంచి బాయిలో ఆయన 'ఏడు లక్షల ఓదెలు' అయ్యాడు. క్యాంటీనులో చాయ్ తాగితే, "బిల్లు ఏడు లక్షలాయన ఇస్తడు" అనేవారు. షిఫ్టు పని చూసే ఓవర్‌మన్ కూడా, "ఏం సేటూ, ఇయ్యాల డ్యూటీకచ్చినవా?" అన్నాడు. ఓదెలు మొదట సిగ్గుపడ్డాడు. తరువాత సిగ్గుపడుతూనే చాయ్ బిల్లు ఇవ్వడం మొదలుపెట్టాడు. నేను గమనించాను. అసూయ ఉన్నవాడి కళ్లు చాలా బాగా పనిచేస్తాయి.

ఫోను కూడా ఊరుకోలేదు. యాప్ తెరిస్తే చాలు, పైనే పెద్ద అక్షరాల్లో 'ఓదెలు గారూ' అని పేరు పెట్టి పిలిచి ఆ సంఖ్య చూపించేది. ఆయన్ను గారూ అని పిలిచేవాళ్లు లోకంలో ఇంకెవరూ లేరు. కరెంటు బిల్లు కట్టడానికి తెరిచినా అదే, జీతం పడిందో లేదో చూడటానికి తెరిచినా అదే. అసలు నిల్వ చూడాలంటే ఇంకో చోట నొక్కాలి, అప్పు మాత్రం నొక్కకుండానే కనపడుతుంది. పది రోజులయ్యేసరికి ఓదెలు మాటల్లో తేడా వచ్చింది. 'బ్యాంకోళ్లు ఇస్తమన్న పైసలు' అనేవాడు కాస్తా 'నా దాంట్ల ఉన్న పైసలు' అనసాగాడు.

గోడ అవతల స్వరూప గొంతులోనూ తేడా వచ్చింది. స్వరూప ఆయన భార్య. పెద్దబిడ్డ నిహారికకు హాఫ్ శారీ ఫంక్షన్ చేయాలని ఇంట్లో అనుకుంటున్నారు. ఇంటి ముందు టెంటు వేసి, నూటయాభై మందికి భోజనం పెట్టి, లక్షలోపు ముగించాలని ఓదెలు లెక్క. దాని కోసం ఖాతాలో పైసలు తీసిపెట్టాడు కూడా.

"ఏడు లక్షలోళ్లు టెంటేసిన్రంటే నలుగురు నవ్వరా?" అంటోంది స్వరూప.

నేను ఇవతల కూర్చుని ఆ మాట విని చాలా సంతోషించాను. రాయడానికి సిగ్గుగా ఉంది గానీ సంతోషించాను.

తరువాతి సోమవారం మెసేజీ మారింది. "మీ ఆఫర్ రెండు రోజుల్లో ముగుస్తుంది." షిఫ్టు దిగి వచ్చి ఓదెలు నా దగ్గరికే వచ్చాడు. లోన్ల విషయంలో బాయిలో నాకంటే చదువుకున్నవాడు లేడని ఆయన నమ్మకం. క్యాంటీను వెనక బల్ల మీద కూర్చున్నాం.

"అన్నా, రెండు దినాల తర్వాత ఇది పోతదట. పోతే మల్ల రాదా?"

వస్తుందని నాకు తెలుసు. నెల తిరక్కుండా వేరే రంగులో, ఇంకొంచెం పెద్ద సంఖ్యతో వస్తుంది. నాకు ఆ లెక్కన ముప్పైసార్లు ముగిసిపోయింది, ముప్పైసార్లూ మళ్లీ వచ్చింది.

"ఏమో తమ్మీ, చెప్పలేం. ఒకపారి పోతే పోయినట్టే," అన్నాను.

"జర రెండు లక్షలు తీస్కుంట. ఫంక్షన్ హాలుకు, భోజనాలకు. ఎట్లనో నువ్వే చెప్పు."

యాప్ తెరిచి చూపించాను. తెర మీద ఒక గీత, గీత మీద ఒక గుండ్రటి చుక్క. ఆ చుక్క అప్పటికే కుడివైపు చివర కూర్చుని ఉంది, ఏడు లక్షల ఎనభై వేల దగ్గర. రెండు లక్షలు కావాలంటే మనమే వెనక్కి జరపాలి. ఓదెలు కాయలు కాసిన వేలితో దాన్ని వెనక్కి లాగాడు. రెండు లక్షలు, అయిదేళ్లు, నెలకు నాలుగు వేల ఆరు వందలు.

"ఇంతేనా?" అన్నాడు ఆశ్చర్యంగా.

"ఇంతే. నీ డెబ్బై వేలల్ల అదొక లెక్కా? మనిషికి ఏడు లక్షల ఇజ్జతిస్తే రెండు లక్షలకు కక్కుర్తి పడ్తవా? ముంగటికి జరుపు, ఎంతయితదో జూద్దాం."

జరిపాడు. ఏడు లక్షల ఎనభై వేలు, నెలకు పదిహేడు వేల తొమ్మిది వందల చిల్లర. అయిదేళ్లకు మొత్తం ఎంత కట్టాలో తెర మీద పెద్దగా కనపడదు. అది కింద వేరే కాగితంలో ఉంటుంది. నేనైనా చెప్పి ఉండొచ్చు, దాదాపు పది లక్షల డెబ్బై ఆరు వేలవుతుందని.

"మిగిలింది కొత్త ఇంటికి పెట్టుకుంటవు. ఇల్లు మొదలుపెడితే పైఖర్చులు లేవా? బోరు, గేటు, కరెంటు. ఎట్లైనా కావల్సిన పైసలే," అన్నాను.

ఇది వినడానికి సలహాలాగే ఉంటుంది. నా మనసులో ఉన్నది మాత్రం ఒక్కటే. ఆయన జీతం చీటీ గుర్తుకొచ్చినప్పుడల్లా నాకు కలిగే మంట చల్లారాలి. పదిహేడు వేల తొమ్మిది వందల రూపాయల కిస్తు ఆయన్ను కూడా మావాళ్లలో ఒకణ్ణి చేయాలి.

అప్పుడే ఒప్పంద వివరాల కాగితం తెర మీద వచ్చింది. వడ్డీ ఎంత, ఫీజు ఎంత, అన్నీ కలిపితే ఏడాదికి ఎంత శాతం పడుతుంది, అన్నీ ఉన్నాయి. ఓదెలు చదవబోయాడు. అక్షరాలు చిన్నవి, ఆయన కళ్లద్దాలు ఇంట్లో ఉన్నాయి. నేను కళ్లతోనే గబగబా చదివేశాను. నాలుగో పేజీలో ఒక గడి ఉంది. తీసుకున్న మూడు రోజుల్లోగా వద్దనుకుంటే అసలుకు ఆ రోజుల వడ్డీ కలిపి తిరిగి కట్టేసి బయటపడొచ్చు, జరిమానా ఉండదు. ఆ మూడు రోజులు దాటి మొదటి ఏడాదిలో కట్టేస్తే మాత్రం మిగిలిన అసలు మీద నాలుగు శాతం జరిమానా.

"అన్ని మంచిగనే ఉన్నయి. ఒప్పుకుంటున్న అని నొక్కు," అన్నాను.

నొక్కాడు. ఓటీపీ వచ్చింది. వేశాడు. చాయ్ చల్లారక ముందే ఖాతాలో పైసలు పడ్డాయి. ఏడు లక్షల అరవై ఒక్క వేల అయిదు వందల చిల్లర. మిగతా పద్దెనిమిది వేల నాలుగు వందలు ఫీజు కింద, దాని మీద జీఎస్టీ కింద ముందే కోసుకున్నారు. ఓదెలు కళ్లు మెరిశాయి. ఫీజు సంగతి అడగలేదు.

"ఒక్క సంతకం లేదు, ఒక్క సారు లేడు," అన్నాడు.

మరునాడు పొద్దున డ్యూటీకి ముందే మా గుమ్మంలో నిలబడ్డాడు. ముఖం పీక్కుపోయి ఉంది. లోపలికి రమ్మన్నా రాలేదు.

"అన్నా, రాత్రంత నిద్ర వట్టలే. మా నాయిన యాదికచ్చిండు. నాకు గిన్ని పైసలెందుకే? ఫంక్షన్‌కు నా లక్ష రూపాయలు ఉండనే ఉన్నయి. ఇవి గిట్లనే ఉన్నయి, ఒక్క రూపాయి ముట్టలే. ఫీజుకు పోయింది నా దాంట్ల నుంచి కలిపి కడ్త. మర్ల ఇచ్చేత్తే తీస్కుంటరా?"

తీసుకుంటారు. ఇంకా రెండు రోజులు ఉంది. యాపులోనే నొక్కొచ్చు, లేకపోతే బ్యాంకుకు పోయి ఒక కాగితం రాసివ్వొచ్చు. ఇదంతా నా నాలుక చివర ఉంది. లోపల సారమ్మ పొయ్యి దగ్గర గిన్నెలు సర్దుతోంది. ఆయన వద్దని తిరిగి కట్టేస్తే సాయంత్రానికల్లా ఆ సంగతి కూడా కాలనీ అంతా తెలుస్తుంది. ఏడు లక్షలు కాళ్ల దగ్గరికి వస్తే తన్నేసిన మొనగాడని చెప్పుకుంటారు. సారమ్మ మళ్లీ గోడవైపు చెయ్యి చూపిస్తుంది.

"ఇగ తీస్కోరు తమ్మీ. పైసలు పడ్డంక పడ్డట్టే. ఇప్పుడు కడ్తే నాలుగు శాతం జరిమానా, ముప్పై వేలు ఊకెనే పోతయి."

"గట్లనా," అన్నాడు. కాసేపు తన చెప్పులు చూసుకుంటూ నిలబడి, "సరే తియ్యి. తెచ్చినంక ఏడ్సుకుంట కూసుంటమా?" అని డ్యూటీకి వెళ్లిపోయాడు.

వెనక్కి ఇవ్వడం కుదరదని తెలిసిన తరువాత మనిషి ఆ పైసలను ఎట్లా చూస్తాడో నాకు బాగా తెలుసు. ముందు భయంతో ముట్టడు. ఒకసారి ముట్టిన తరువాత ఎక్కడ ఆగాలో తెలియదు. టెంటు పోయి ఏసీ ఫంక్షన్ హాలు వచ్చింది. నూటయాభై మంది తొమ్మిది వందల మంది అయ్యారు. మేకలు పద్నాలుగు. డ్రోన్ కెమెరా, పొగ వచ్చే స్టేజీ, బిడ్డ నడిచి వచ్చే దారిలో పూల గొడుగులు. మేనల్లుళ్లకు, బావమరుదులకు బట్టలు. నాకూ పెట్టారు, ఖరీదైన పంచెల చాపు. స్వరూపకు మూడు తులాల గొలుసు. మిగిలిన పైసలకు సెకండ్ హ్యాండ్ కారు, తెల్లది. ఓదెలుకు డ్రైవింగ్ రాదు.

ఫంక్షన్ రోజు నేను మూడుసార్లు మాంసం వడ్డించుకుని తిన్నాను. భోజనం బాగుంది. అయినా నా మంట ఆరలేదు, అదే విచిత్రం. ఆయన్ను అప్పులోకి దించితే చల్లబడతాననుకున్నాను. స్టేజీ మీద నలుగురూ ఆయనకు చేతులిచ్చి ఫొటోలు దిగుతుంటే, అప్పు చేసినా వైభవం ఆయనదే అయ్యిందని ఇంకా కుళ్లుకున్నాను. నా అప్పులన్నీ ఆస్పత్రులకు, ఫీజులకు, పాత అప్పులకే పోయాయి. ఒక్క ఫొటో లేదు.

దసరా తరువాత పర్మిషన్ కాగితం వచ్చింది. ఓదెలు కొత్త చొక్కా వేసుకుని బ్యాంకుకు వెళ్లాడు. సాయంత్రం ఆయన రావడం నేను కిటికీలోంచే చూశాను. నేరుగా మా ఇంటికే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"పదిహేడే ఇస్తరట అన్నా."

"ఏం పదిహేడు?"

"లక్షలు. కిస్తులన్ని కలిపి జీతంల సగం దాటద్దట. సగమంటే ముప్పై ఐదు వేలు. అందుల గీ ఫంక్షన్ కిస్తు పద్దెనిమిది వేలు పోతే మిగిలేది పదిహేడు వేలేనట. గా పదిహేడు వేల కిస్తుకు పదిహేడు లక్షలే అత్తయట. పాతికకు ఇంక ఎనిమిది లక్షలు నేను ఏడికెల్లి తేవాలె?"

కారు అమ్మితే ఎంత వస్తుందో, గొలుసు అమ్మితే ఎంత వస్తుందో ఆయనే వేళ్ల మీద చెప్పుకున్నాడు. రెండూ కలిపినా పాత లోను సగం కూడా తీరదు. అది అయిదేళ్లకు తీరేసరికి ఆయన వయసు యాభై ఒకటి దాటుతుంది, అప్పుడు పదేళ్ల సర్వీసులో పాతిక లక్షలు తీర్చాలంటే కిస్తు ముప్పై వేలు దాటుతుంది, ఇంటి ఖర్చూ పాతిక దగ్గర ఆగదు. మేస్త్రీకి ఇచ్చిన అడ్వాన్సు కూడా పోయినట్టే.  కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

"ఇంకో ముచ్చట చెప్పిండన్నా గా ఆఫీసర్ సారు. తీస్కున్న మూడు రోజులల్ల మర్ల కడ్తే జరిమానే లేకుండెనట. కాయితంల రాసే ఉన్నదట. నేను రెండో దినమే అచ్చి నిన్ను అడగలే?"

నేను అరుగు అంచున సున్నం పెచ్చు గీకుతూ కూర్చున్నాను.

"నీకు గూడ తెల్వదు గదా," అన్నాడు. ఆయన గొంతులో అనుమానం లేదు, జాలి ఉంది. "పాపం, నువ్వు ఇన్ని లోన్లు తీస్తివి, నీకు గూడ ఎవ్వలు చెప్పలే. చెప్తే నువ్వన్న ఒకటి రెండు మర్ల కట్టేటోనివి. రేపు లాంపు రూముల అందరికి చెప్పాలె అన్నా. నువ్వు గూడ రా, మనమిద్దరం చెప్దాం. మనకైతే అయ్యింది, పోరగాళ్లకన్న గిట్ల కావద్దు."

తలుపు చాటున సారమ్మ నిలబడి ఉంది. నాకు ఆమె చీర అంచు కనపడుతోంది. తెలియదని ఒక్క మాట అంటే అయిపోయేది. ఓదెలు జీవితాంతం నమ్మేవాడు. ఆ నమ్మకమే నేను భరించలేకపోయాను. అంత నష్టం జరిగినా ఎదుటివాడి మీద జాలిపడగల మనిషి పక్కన నేను ఇంకో రోజు తక్కువవాణ్ణిగా కూర్చోలేను అనిపించింది. అది పశ్చాత్తాపమో, అసూయలోనే ఇంకో రకమో ఇప్పటికీ తేల్చుకోలేదు.

"నాకు తెలుసు ఓదెలూ," అన్నాను.

"ఏం తెలుసు?"

"మూడు రోజుల సంగతి. నువ్వు నొక్కక ముందే సదివిన. నువ్వు మా ఇంటికచ్చి అడిగిననాడు గూడ తెలుసు."

ఆయన నావైపు తిరిగి చూశాడు.  ఆయన తిడతాడనుకున్నాను, చెయ్యి చేసుకుంటాడనుకున్నాను. ఏదీ చేయలేదు.

"మరెందుకు చెప్పలేదే?"

 ఉన్నదే చెప్పాను.

"నీకు ఏడు లక్షల ఎనభై వేలు సూపిచ్చింది. నాకు తొంభై ఐదు వేలు సూపిచ్చింది."

ఓదెలు నోరు కొంచెం తెరుచుకుంది. నా మాటలో ఇంకేదో ఉందేమో, తనకు అందలేదేమో అన్నట్టు కాసేపు ఎదురుచూశాడు. తరువాత మెల్లగా లేచి నిలబడ్డాడు.

"అది అప్పే గదనే అన్నా," అన్నాడు.

చెప్పులు వేసుకుని తన క్వార్టరులోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నాడు. గోడ అవతల స్వరూప ఏమైందని అడగడం వినపడింది. ఆయన మంచినీళ్లు అడిగాడు.